ఫైబర్ బోటుకి ఏ బీమా మేలు: ‘పూర్తి నష్టం’ పాలసీయా, మరమ్మతు కూడా ఇచ్చేదా?

బారువ నుంచి చింతపల్లి దాకా మన తీరంలో ఎక్కువ బోట్లు ఇసుక మీదే ఉంటాయి. విశాఖ బోట్లకు హార్బరు ఉంది. ఇక్కడ బోటుని కెరటాల్లోంచి నెట్టి దింపాలి, మళ్ళీ కెరటాల్లోంచే ఒడ్డుకి లాగాలి. బీమా ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. మన బోట్లు నడిసముద్రంలో మునగడం తక్కువ. కెరటాలు విరిగే చోట, నది మొగలో, ఒడ్డున కట్టి ఉంచినప్పుడు దెబ్బతినేవే ఎక్కువ. ఏజెంటు చూపించే పాలసీ ఈ మూడు చోట్లా పనికొస్తుందా అన్నది చూడకుండా ప్రీమియం ఎంత తక్కువో చూస్తే, డబ్బు కట్టిన ఏడాదే చేయి ఖాళీగా మిగలొచ్చు.

చేపల బోట్లకి దొరికే పాలసీల పేర్లు కంపెనీని బట్టి మారతాయి కానీ మూలంలో అవి రెండే. ఒకటి పూర్తి నష్టం పాలసీ: బోటు మొత్తం పోతేనే డబ్బు. రెండోది పాక్షిక నష్టం కూడా కలిపినది: బోటు మిగిలి, మరమ్మతుకు ఖర్చయితే అది కూడా ఇస్తుంది. ఆ మరమ్మతు ఏ కారణం వల్ల వచ్చినదైనా సరే అనేవి కొన్ని, మునగడం, ఇసుక మేట మీద చిక్కుకోవడం, కాలిపోవడం, ఢీకొట్టడం వంటి నాలుగైదు కారణాల వల్ల వస్తేనే అనేవి కొన్ని. వలలు ఈ రెండింటిలోనూ వేరే వరస. దాని గురించి కొంచెం తర్వాత.

ముందు ఒక లెక్క వేసి చూద్దాం. రేట్లు కంపెనీకి కంపెనీకి తేడా ఉంటాయి కాబట్టి ఇక్కడివి లెక్క కోసం వేసుకున్నవే. మీ దగ్గరి రేటు పెట్టి ఇదే లెక్క మళ్ళీ వేసుకోండి.

ఒక ఫైబర్ బోటు. బోటు విలువ 2,20,000, ఇంజను 90,000, వలలు 90,000. మొత్తం 4 లక్షలు. పూర్తి నష్టం పాలసీకి నూటికి 1.5 చొప్పున 6,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 7,080. మరమ్మతు కూడా ఇచ్చే పాలసీకి నూటికి 4 చొప్పున 16,000, జీఎస్టీతో 18,880. ఏడాదికి తేడా 11,800 రూపాయలు. రెండో పాలసీలో ప్రతి మరమ్మతు క్లెయిములోనూ నూటికి పది మనమే భరించాలని రాసి ఉందనుకుందాం.

ఇప్పుడు తెల్లవారుజామున వేట నుంచి తిరిగొస్తుంటే ఒడ్డుకి వంద గజాల దూరంలో బోటు కెరటానికి అడ్డం తిరిగి బోల్తా పడింది. మనుషులు ఈది బయటపడ్డారు. ముక్కుదగ్గర ఫైబరు పగిలింది, పక్క పలక చీలింది: ఆ పని 70,000. ఇంజను ఉప్పునీట్లో మునిగింది, విప్పి బాగుచేయడానికి 35,000. వలలన్నీ కొట్టుకుపోయాయి, 90,000. మొత్తం నష్టం 1,95,000.

పూర్తి నష్టం పాలసీ ఉన్నవాడికి ఇందులో ఒక్క రూపాయి రాదు. బోటు ఒడ్డునే ఉంది, బాగుచేయవచ్చు, కాబట్టి అది పూర్తి నష్టం కాదు. మరమ్మతు పాలసీ ఉన్నవాడికి బోటుకి, ఇంజనుకి కలిపి 1,05,000లో పదోవంతు తీసేసి 94,500 వస్తుంది. వలలకి ఇద్దరికీ ఏమీ రాదు.

అదే బోటుని తుఫాను ఉప్పెన ఎత్తుకుపోయి ముక్కలు చేసిందనుకోండి. అప్పుడు ఇద్దరికీ 4 లక్షలూ వస్తాయి, వలలతో సహా. అంటే ఏడాదికి 11,800 ఎక్కువ కట్టేది ఆ బోల్తా కోసం. 94,500ని 11,800తో భాగిస్తే ఎనిమిది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా అలాంటి దెబ్బ తగిలే ఒడ్డు అయితే రెండో పాలసీ గిట్టుబాటే. కళింగపట్నం దగ్గర వంశధార మొగ, కోనాడ దగ్గర చంపావతి మొగ వంటి చోట్ల ఇసుక మేట ఏడాదికోచోటికి జరుగుతుంది. నిన్న లోతున్న చోట ఇవాళ అడుగు తగులుతుంది. అలాంటి మొగ దాటి వేటకెళ్ళే కొత్త బోటుకి మరమ్మతు పాలసీయే సరైనది. ఫైబరు పాతబడి, అతుకులు పడి, ఇంజను రెండు మూడు చేతులు మారిన బోటుకి అంత ప్రీమియం దండగ. పాత బోటుకి మరమ్మతు క్లెయిము వేస్తే సర్వేయరు సగం నష్టాన్ని అరుగుదల కింద తోసేస్తాడు, చాలా కంపెనీలు అసలు ఇవ్వవు కూడా. దానికి పూర్తి నష్టం పాలసీ చాలు.

ఇక్కడ ‘పూర్తి నష్టం’ అన్న మాటని విడదీసి చూడాలి. బోటు మునిగి కనబడకుండా పోవడం ఒక రకం. బోటు మిగిలే ఉంది కానీ బాగుచేయడానికయ్యే ఖర్చు బోటు విలువ కంటే ఎక్కువ అవుతుంది, అది రెండో రకం. దీన్ని కూడా పూర్తి నష్టంగానే లెక్కించాలని 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం చెబుతుంది. పూర్తి నష్టం పాలసీలో ఈ రెండో రకం కూడా కలిసిందా అని కాగితం మీద చూసుకోవాలి.

కలిసినా అందులో ఒక మెలిక ఉంటుంది. చేపల బోట్ల పాలసీల్లో ‘బోటు విలువ’ అంటే పాలసీలో రాసిన విలువ అని ఒక నిబంధన పెడతారు. పై బోటు విలువని నిజాయితీగా 2,20,000 అని రాయించి ఉంటే, మరమ్మతుకు 2,50,000 అవుతుందని తేలినప్పుడు అది పూర్తి నష్టం. ఎక్కువ వస్తుందన్న ఆశతో 3,50,000 అని రాయిస్తే అదే 2,50,000 విలువ కంటే తక్కువైపోతుంది, పూర్తి నష్టం కాకుండా పోతుంది. ఎక్కువ ప్రీమియం కట్టి, తక్కువ అవకాశం కొనుక్కున్నట్టు. మరీ తక్కువ రాయిస్తే బోటు నిజంగా పోయిన రోజున ఆ తక్కువే వస్తుంది. అందుకే ఇవాళ ఆ బోటుని అమ్మితే ఎంతొస్తుందో ఆ ధర రాయించడం మంచిది. బోటు, ఇంజను, వల మూడింటికీ మూడు అంకెలు విడివిడిగా పడాలి. ‘బోటు సామానుతో సహా 4 లక్షలు’ అని ఒకే ముక్కలో రాస్తే ఇంజను క్లెయిము వచ్చినప్పుడు దాని విలువ ఎంతన్నది సర్వేయరు చేతిలోకి పోతుంది.

వలల మాటకొద్దాం. ఎక్కువమంది మోసపోయామని బాధపడేది ఇక్కడే, నిజానికి అది పాలసీలో ముందే రాసి ఉంటుంది. చేపల బోట్ల పాలసీల్లో సాధారణంగా వలకి డబ్బు వచ్చే సందర్భాలు కొన్నే: బోటు పూర్తిగా పోయినప్పుడు దానితో పాటు వల పోవడం, అగ్ని ప్రమాదం, పిడుగు, బయటివాళ్ళు బలవంతంగా వచ్చి దోచుకోవడం. నీళ్ళలో వేసిన వల రాయికి పట్టి చిరిగితే రాదు. ఓడ అడ్డం వచ్చి తెంపుకుపోతే రాదు. పెద్ద బోటు వల మీదుగా ట్రాలు లాగి ముక్కలు చేసినా రాదు.

ఈ చివరిది మన దగ్గర ప్రతి ఏడాదీ ఉండే గొడవే. దానికి దారి బీమాలో లేదు, చట్టంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేట చేయకూడదు. వల తెగిన రోజే ఫోనులో జీపీఎస్ చోటు ఫొటో తీసి, వీలైతే ఆ బోటు మీది IND-AP తో మొదలయ్యే నంబరు చూసి, మత్స్యశాఖకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నంబరు లేకుండా ‘విశాఖ బోటు’ అని రాసిన ఫిర్యాదు ముందుకు కదలదు.

కాబట్టి వలలకి బీమా కట్టేటప్పుడు, బోటుతో పాటు పోయే వలకి మాత్రమే కట్టండి. ఇంటి దగ్గర మడిచి పెట్టిన వలలన్నిటి విలువా కలపనక్కర్లేదు. ఒక్క ప్రయాణంలో బోటులో ఎక్కించే వల ఎంతో అంతే. కవల వల ఒకరోజు, ఐల వల ఒకరోజు తీసుకెళ్ళే వాళ్ళు వాటిలో ఖరీదైన దాని విలువ రాయించాలి. వలని కిలోల్లో కొంటాం, బెండ్లు, సీసపు గుళ్ళు, తాళ్ళు వేరే కొట్లో కొంటాం, కట్టే కూలి ఎవరికో ఇస్తాం. ఈ ముక్కలన్నిటికీ బిల్లు ఉండదు. అందుకే వల కొత్తగా కట్టిన రోజున ఒక కాగితం మీద కన్ను ఎంత, ఎన్ని ముక్కలు, వల ఎన్ని కిలోలు, తాడు ఎన్ని కిలోలు అని రాసి, దొరికిన బిల్లులు దానికి కుట్టి, ఒడ్డున పరిచి ఫొటో తీసి పెట్టుకోవాలి. పాలసీ తీసుకునేటప్పుడు ఆ కాగితం నకలు కంపెనీకి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకుంటే, తర్వాత ‘నీ దగ్గర అంత వల ఉందని ఏంటి రుజువు’ అన్న ప్రశ్న పుట్టదు.

దొంగతనం గురించి కూడా ఇలాగే మాట పట్టి చూడాలి. బోటు మొత్తం పోతే చాలా పాలసీలు ఇస్తాయి. ఇసుక మీద పెట్టిన బోటు నుంచి రాత్రివేళ ఎవరో ఇంజను విప్పుకుపోతే? సముద్ర బీమా భాషలో ‘దొంగలు’ అన్న మాట కిందికి చాటుగా చేసిన దొంగతనం రాదు. మన బోటు కలాసీ తీసుకుపోయినా రాదు. బలవంతంగా, బయటివాళ్ళు చేసినదే లెక్క. ఇంజను గొలుసుతో బిగించి తాళం వేసి ఉండగా, ఆ తాళం పగలగొట్టి తీసుకుపోతే ఇచ్చేలా విడిగా ఒక కలుపు కాగితం ఇస్తారేమో అడగండి. ఇవ్వకపోతే దాని కోసం ఎక్కువ ప్రీమియం కట్టొద్దు. 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజను నలభై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఇద్దరు కర్రకి తగిలించుకుని ఇంటికి మోసుకెళ్ళే బరువే. వేట నిషేధం ఉన్న 61 రోజులూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, బోటు ఖాళీగా పడి ఉంటుంది కాబట్టి ఇంజను పోయే భయం అప్పుడే ఎక్కువ. బోటు దొంగతనం జరిగితే అదే రోజు ఎఫ్‌ఐఆర్ పడాలి. తర్వాత దొరకలేదని పోలీసులు ఇచ్చే చివరి రిపోర్టు వచ్చేదాకా కంపెనీ డబ్బు ఇవ్వదు, దానికి నెలలు పడుతుంది.

పాలసీ కాగితంలో మన తీరానికి తప్పక ఉండాల్సిన వాక్యం ఇంకొకటి: బోటు ఒడ్డున, ఇసుక మీద ఉన్నప్పుడు కూడా రక్షణ ఉంటుందని. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటింది. అప్పుడు బోట్లు ఎక్కడున్నాయి? ఒడ్డునే. నీళ్ళలో, హార్బరులో ఉన్నప్పుడే వర్తించే పాలసీ మనకి సగం పాలసీ. పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చాయి. మూడూ అక్టోబరులోనే. అందుచేత పాలసీ గడువు అక్టోబరులోనో నవంబరులోనో ముగిసేలా ఉండకూడదు. నిషేధం రోజుల్లో బోటుకి ఎలాగూ మరమ్మతు చేయిస్తారు, బోటు ఒడ్డున శుభ్రంగా ఉన్న జూన్ మొదట్లో సర్వేయరుకి చూపించి, జూన్ నుంచి జూన్‌కి పాలసీ పెట్టుకుంటే గాలివానల రోజులన్నీ మధ్యలో పడతాయి. అల్పపీడనం వార్త విన్నాక ఏజెంటుకి ఫోను చేస్తే లాభం లేదు. ప్రీమియం కంపెనీకి చేరితేనే బీమా మొదలవుతుందని 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షను చెబుతుంది. ఏజెంటు చేతికి నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే, ఆ డబ్బు చేరిన తేదీ ఎప్పటిదో మీకు తెలియదు.

తుఫానుకి ప్రభుత్వ సాయం వస్తుంది కదా, బీమా ఎందుకనే వాళ్ళున్నారు. విపత్తు సహాయ నిధి లెక్కలో పూర్తిగా పోయిన బోటుకి ఇచ్చేది 15,000, పూర్తిగా పోయిన వలకి 4,000. రాష్ట్రం ఒక్కోసారి దాని మీద కలుపుతుంది, అది ఆ ప్రభుత్వం దయ. అలాగే మత్స్యకారులకి ఉన్న ఉచిత ప్రమాద బీమా, మరణిస్తే 5 లక్షలు ఇచ్చేది, మనిషికి. బోటుకి కాదు. రెండూ ఉన్నాయని బోటు పాలసీ మానేయకూడదు. బోటు బీమా ప్రీమియంలో కొంత భాగం భరించే అంశం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఉంది. మీ సచివాలయం మత్స్య సహాయకుణ్ణి అడిగి, ఇప్పుడు ఆ వాటా వస్తోందో లేదో తెలుసుకున్నాకే పూర్తి ప్రీమియం కట్టండి.

ఎంత మంచి పాలసీ అయినా క్లెయిము పోయే కారణాలు మన తీరంలో దాదాపు ఒకే రకం. సెకండ్‌హ్యాండ్ బోటు కొని రిజిస్ట్రేషను పాతవాడి పేరు మీదే వదిలేయడం మొదటిది. నలుగురు వాటాదారుల బోటుకి ఒక్కడి పేరు మీదే పాలసీ ఉంటే ఆ ఒక్కడి వాటాకే హక్కు అని కంపెనీ వాదిస్తుంది. నలుగురి పేర్లూ రాయించాలి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉండగా వేటకెళ్ళినా, నిషేధం రోజుల్లో వెళ్ళినా, పాలసీలో రాసిన దూరం దాటినా డబ్బు రాదు. బోటు ఏ గాలీ వానా లేకుండా లంగరు దగ్గర నిశ్శబ్దంగా మునిగితే కూడా రాదు. సముద్ర ప్రమాదం అంటే అనుకోకుండా జరిగినది, రోజూ ఉండే కెరటాలు, మెల్లగా కారే నీరు దాని కిందికి రావు. మునిగిన రోజున గాలి ఎలా ఉంది, ఏ కెరటానికి ఏం తగిలింది అన్నది కలాసీలందరూ ఒకేలా, ఉన్నది ఉన్నట్టు చెప్పగలగాలి. తోలేవాడు పొరపాటు చేశాడని మాత్రం భయపడనక్కర్లేదు. నావికుల అజాగ్రత్త వల్ల కలిగిన నష్టం సముద్ర బీమాలో మినహాయింపు కాదు.

బోల్తా పడిన రోజు చేయాల్సిన పని కూడా ఏ పాలసీ కొన్నారో దాన్నే బట్టి ఉంటుంది. మరమ్మతు పాలసీ ఉంటే ఇంజను మీదే ముందు చేయి వేయాలి. ఉప్పునీట్లో మునిగిన ఇంజనుని నీళ్ళు తుడిచి వెంటనే స్టార్టు చేయడానికి చూస్తారు, అది దాన్ని చంపేస్తుంది. సిలిండరులో నీరు ఉండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. స్పార్కు ప్లగ్గు విప్పి, తాడుతో మెల్లగా తిప్పి నీళ్ళు బయటికి పంపి, మంచినీళ్ళతో కడిగి, సిలిండరులో ఆయిలు పోసి, అదే రోజు మెకానిక్కు దగ్గరికి చేర్చాలి. ఆలస్యం చేస్తే పట్టిన తుప్పుని సర్వేయరు ప్రమాదం కింద కాకుండా నిర్లక్ష్యం కింద రాస్తాడు. నష్టం పెరగకుండా చేసిన ఇలాంటి ఖర్చు, బోటుని పైకి లాగడానికి పెట్టిన ట్రాక్టరు కూలితో సహా, కంపెనీ నుంచి అడగవచ్చు. రసీదు ఉండాలి.

ఆ వెంటనే కంపెనీకి ఫోను, దాని వెనక ఒక మెసేజీ, తేదీ సమయం కనబడేలా. ఫైబరు పనివాణ్ణి పిలిచి అంచనా రాయించుకోవచ్చు కానీ సర్వేయరు చూసేదాకా ఒక్క పలక కూడా అతికించొద్దు. బోటు పూర్తిగా పోయినట్టే అనిపిస్తే, బోటుని వదులుకుంటున్నామని కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. ఈ నోటీసు ఇవ్వకపోతే రెండో రకం పూర్తి నష్టాన్ని పాక్షిక నష్టంగా లెక్కకట్టే హక్కు కంపెనీకి ఉంటుంది, మీది పూర్తి నష్టం పాలసీ అయితే అక్కడితో ఏమీ రాదు. విరిగిన బోటు నుంచి ఇంజను విప్పి అమ్ముకుంటే ఆ ధర మీ డబ్బులోంచి కోస్తారు.

కంపెనీ కాదన్నప్పుడు కారణం కాగితం మీద అడిగి తీసుకోండి, ఏ నిబంధన కింద కాదన్నారో నంబరుతో సహా. ఆ తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి నెల రోజులు చూసి, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్ళవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోగా వేయాలి. మీరు పెట్టాల్సినవి ఆ తిరస్కరణ కాగితం, పాలసీ, సర్వేయరు రిపోర్టు నకలు, వల కాగితం, బోల్తా పడిన రోజు తీసిన ఫొటోలు.